సవరణ: ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లిష్ పరీక్ష స్కోరు గడువు లెక్క

"స్కోరు చెల్లేది ఫలితం వచ్చిన రోజు నుంచి రెండేళ్లు అని రాశారు, అదేనా?"

కాదు, తప్పు నాదే, క్షమించండి. లెక్క పరీక్ష రాసిన రోజు నుంచి వేసుకోవడమే క్షేమం. ఆ తేదీ స్కోరు షీటు మీదే ఉంటుంది.

కెనడాలో శాశ్వత నివాసం కోసం ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ పద్ధతిలో దరఖాస్తు పంపే రోజుకి కూడా స్కోరుకు రెండేళ్లు నిండకూడదు. ఉదాహరణకు, పరీక్ష 2023 మార్చి 10న రాశారు, దరఖాస్తు చేయమని ఆహ్వానం 2025 జనవరి 20న వచ్చింది. ఆహ్వానం వచ్చాక దరఖాస్తుకు ఇచ్చే 60 రోజుల గడువు మార్చి 21 దాకా కనిపిస్తుంది, కానీ దరఖాస్తు మార్చి 9లోపే పంపేయడం క్షేమం. ఈ పన్నెండు రోజుల తేడాలోనే కొంపలు మునుగుతాయి.

ఇంకొకటి: యూనివర్సిటీకి ఇచ్చిన అకడమిక్ స్కోరు ఇక్కడ చెల్లదు, జనరల్ ట్రైనింగే రాయాలి. సెల్పిప్ జనరల్, పీటీఈ కోర్ అనే ఇంగ్లిష్ పరీక్షల స్కోర్లు కూడా తీసుకుంటారు.