ఏ రాశికి చదివినా సరిపోయే ఫలం

"పైకి ధైర్యంగా కనిపించినా మీలో ఆందోళన ఎక్కువ. అందరికీ సాయం చేస్తారు, తగిన గుర్తింపు మాత్రం రాదు. మీ సామర్థ్యం ఇంకా పూర్తిగా బయటపడలేదు. ఈ ఏడాది మొదటి ఆరు నెలలు ఆటంకాలు ఎదురైనా తర్వాత పనులు నెరవేరతాయి. దగ్గరి బంధువులతో చిన్నపాటి మనస్పర్థలు. శుభకార్యాల నిమిత్తం ధనవ్యయం. వాహనం నడిపేటప్పుడు జాగ్రత్త అవసరం."

ఇది ఎవరి జాతకమూ చూడకుండా నేను ఈ వ్యాసం కోసం రాసిన ఫలం. అయినా చదువుతున్నప్పుడు ఒకటి రెండు చోట్ల "ఇది నా సంగతే" అనిపించే ఉంటుంది. అలా అనిపించడం మన అమాయకత్వం కాదు, చదువుతో పోయేదీ కాదు. 1948లో బెర్‌ట్రమ్ ఫోరర్ అనే అమెరికన్ సైకాలజిస్టు తన క్లాసులోని 39 మంది విద్యార్థుల చేత ఒక ప్రశ్నపత్రం నింపించి, వారం తర్వాత ఒక్కొక్కరికీ వాళ్ల వ్యక్తిత్వ విశ్లేషణ అంటూ ఒక కాగితం ఇచ్చాడు. ఎంత బాగా సరిపోయిందో అయిదుకి మార్కులు వేయమన్నాడు. సగటు 4.26 వచ్చింది. ఆ తర్వాత అసలు విషయం చెప్పాడు: అందరికీ ఇచ్చింది ఒకటే కాగితం. అందులోని వాక్యాలను ఆయన చాలావరకు ఒక జ్యోతిషం పుస్తకం నుంచే ఏరుకున్నాడు. వాళ్లంతా సైకాలజీ చదువుతున్న పిల్లలే. అందరికీ వర్తించే మాటను తనకోసమే చెప్పినట్టు తీసుకునే ఈ గుణానికి, సర్కస్ కంపెనీ నడిపిన పి.టి. బార్నమ్ పేరు మీద, బార్నమ్ ఎఫెక్ట్ అనే పేరు స్థిరపడింది.

అమెరికాలోని మన తెలుగువాళ్ల దగ్గర ఇప్పుడిది పెద్ద విషయమని నేననుకోవడానికి కారణముంది. ఉద్యోగం ఊడుతుందేమో, గ్రీన్ కార్డు ఎప్పుడొస్తుందో, అమ్మానాన్నల ఆరోగ్యం ఎలా ఉంటుందో అన్న టెన్షన్ మన ఇళ్లలో ఎప్పుడూ ఉండేదే. ఆ టెన్షన్‌లోనే వాట్సాప్‌లో జాతకం పంపుతున్నాం, ఫోన్‌లో ఫలం వింటున్నాం, పరిహారానికి డాలర్లు కడుతున్నాం. జ్యోతిషం నమ్మకూడదని వాదించడానికి నేనిది రాయడం లేదు. డబ్బిచ్చి వింటున్న మాట తప్పయ్యే వీలున్న మాటా కాదా అన్నది పట్టుకోవడం నేర్చుకుందామంటున్నాను.

పైన నేను రాసిన ఫలాన్నే మళ్లీ చూడండి. "ఆటంకాలు ఎదురైనా పనులు నెరవేరతాయి" అంటే పని అయినా సరిపోతుంది, ఆలస్యమైనా సరిపోతుంది. ఏ పనో చెప్పలేదు కాబట్టి ఏడాది చివర్లో వెనక్కి తిరిగి చూసి, సరిపోయే పనిని మనమే వెతికి పెట్టుకుంటాం. "మనస్పర్థలు" అన్నదాని ముందు "చిన్నపాటి" ఉంది. ఒక ఏడాదంతా ఆ చిన్నపాటివి కూడా లేని కుటుంబం ఎక్కడుంది? "శుభకార్యాల నిమిత్తం ధనవ్యయం" అన్నారు. ఇండియాలో ఎవరి పెళ్లికి టికెట్లు కొన్నా అది నిజమైపోతుంది. "వాహనం నడిపేటప్పుడు జాగ్రత్త" అసలు జోస్యమే కాదు, సలహా. సలహా తప్పవడమంటూ ఉండదు.

అంకెలు ఉంటే కచ్చితత్వం ఉన్నట్టేనని కూడా అనుకోకూడదు. 2024 ఏప్రిల్ 9న మొదలైన క్రోధి నామ సంవత్సర పంచాంగంలో మేషరాశికి ఆదాయం 8, వ్యయం 14. ఎనిమిది ఏమిటి? లక్షలా, వేలా, జీతంలో వంతులా? కొలమానం లేదు కాబట్టి డిసెంబరులో బ్యాంకు స్టేట్‌మెంట్ పక్కన పెట్టుకుని సరిచూసే దారీ లేదు. పైగా ఈ అంకెలు రాశ్యధిపతిని బట్టి వస్తాయి. మేషానికీ వృశ్చికానికీ కుజుడే అధిపతి కాబట్టి వృశ్చిక రాశివాళ్లందరికీ అవే 8, 14. సరిగ్గా ఆ ఉగాదికి ముందు రోజే, ఏప్రిల్ 8న, డాలస్‌లో మధ్యాహ్నం 1:40కి సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. ఊరు, రోజు, నిమిషం అన్నీ ముందే చెప్పారు. ఆ నిమిషానికి సూర్యుడు కనబడుతూనే ఉంటే ఆ లెక్క తప్పని ఊరంతటికీ తెలిసిపోయేది. పంచాంగంలో తిథులు, గ్రహణాల భాగం ఇలా సరిచూడగలిగే లెక్క. రాశిఫలాల భాగం అదే పుస్తకంలో ఉన్నా ఆ జాతిది కాదు. రెండూ ఒకే అట్టల మధ్య ఉండడం వల్ల మొదటిదానికున్న గౌరవం రెండోదానికి అంటుకుంటోందని నా అభిప్రాయం.

ఫలం ఎంతమందికి వర్తిస్తుందన్నది కూడా చూడాలి. శని ఒక్కో రాశిలో సుమారు రెండున్నరేళ్లు ఉంటాడు. జన్మరాశికి ముందు రాశి, జన్మరాశి, తర్వాతి రాశి కలిపి ఏడున్నరేళ్లు ఏలినాటి శని. అంటే ఏ రోజు చూసినా మూడు రాశులకు ఏలినాటి శని నడుస్తూనే ఉంటుంది. ఇంకో రాశికి అష్టమ శని, మరో రాశికి అర్ధాష్టమ శని. మొత్తం పన్నెండింట అయిదు రాశులు. వందమందిని నిలబెడితే ఎప్పుడైనా దాదాపు నలభైమంది శని ప్రభావంలో ఉన్నట్టే. "మీకు శని నడుస్తోంది, అందుకే పనులు ఆలస్యం" అన్న మాట విని ఉలిక్కిపడే ముందు ఈ లెక్క గుర్తు చేసుకోవాలి. హెచ్1బి విషయం మరీ స్పష్టం. 2024, 2025 ఆర్థిక సంవత్సరాల లాటరీల్లో ఎంపికైనవి సుమారు నాలుగో వంతు రిజిస్ట్రేషన్లే. ఎవరు అడిగినా "ఈసారి కష్టం" అన్న జ్యోతిష్కుడి మాట, జాతకం తెరవకుండానే, ప్రతి నాలుగు రిజిస్ట్రేషన్లలో సుమారు మూడింటి విషయంలో నిజమైంది. అంటే తేదీ, ఫలితం స్పష్టంగా చెప్పినా చాలదు. ఊరికే ఊహిస్తే ఎన్నిసార్లు నిజమవుతుందో దానికంటే మెరుగ్గా చెప్పగలగాలి.

మనకు తెలిసిన ఒక జంట, ఒక పెద్దాయనతో జాతకం చెప్పించుకున్న తమ ఫోన్ కన్సల్టేషన్ రికార్డింగ్‌ను నాకు వినిపించారు. "గ్రీన్ కార్డు సంగతి మేం చెప్పకుండానే ఆయన పట్టేశారండీ" అంటుంది ఆ అమ్మాయి. రికార్డింగ్‌లో ఉన్నది ఇది. పెద్దాయన "ఏదో కాగితం విషయం మిమ్మల్ని చాలాకాలంగా ఇబ్బంది పెడుతోంది, అవునా?" అన్నారు. భర్త వెంటనే "అవునండీ, గ్రీన్ కార్డు" అన్నాడు. "అదే, అదే చెబుతున్నాను" అన్నారాయన. అమెరికా నంబరు నుంచి ఫోన్ చేసే తెలుగువాళ్లలో ఏదో ఒక కాగితం కోసం ఎదురుచూడనివాళ్లు ఎంతమంది? పెద్దాయన మోసం చేశారని నేననను. అది తన విద్యే పట్టిచ్చిందని ఆయనా నమ్ముతూ ఉండొచ్చు. కానీ ఫలంలోని అసలు వివరాన్ని ఇచ్చింది భర్త. నెల తిరిగేసరికి ఆ మాట పెద్దాయన ఖాతాలో పడింది. అందుకే ఫోన్ పెట్టేలోపు ఎవరు ఏం చెప్పారో కాగితం మీద పెట్టుకోవాలి. వీలైతే అవతలివాళ్లకు తెలిపి రికార్డు చేసుకోవాలి.

జాతకఫలాన్ని సరిగ్గా పరీక్షించడం సాధ్యమేనా అంటే, మన దేశంలోనే చేశారు. ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్, స్టాటిస్టిక్స్ ప్రొఫెసర్ సుధాకర్ కుంటే, అంధశ్రద్ధా నిర్మూలన సమితికి చెందిన నరేంద్ర దభోల్కర్, ఒకప్పుడు స్వయంగా జ్యోతిషం అభ్యసించిన ప్రకాశ్ ఘాట్‌పాండే కలిసి మహారాష్ట్రలో ఈ పని చేశారు. చదువులో బాగా రాణిస్తున్న వంద మంది పిల్లలవీ, మానసిక వైకల్యం ఉన్న వంద మంది పిల్లలవీ జన్మవివరాలు సేకరించి జాతకాలు వేశారు. ఒక్కో జ్యోతిష్కుడికి వాటిలోంచి కలగలిపి తీసిన నలభై జాతకాలు పంపి, ఏది ఏ రకం పిల్లవాడిదో చెప్పమన్నారు. మన శాస్త్రంలో బుద్ధిని పంచమ స్థానం నుంచి చూస్తారు కాబట్టి ఇది సంబంధం లేని ప్రశ్న కాదు. తల్లిదండ్రుల ముఖం చూసి పసిగట్టే వీల్లేదు, మధ్యలో "అవునా?" అని అడిగే వీల్లేదు. జవాబు ఒప్పో తప్పో, మధ్యస్తం లేదు. నాణెం ఎగరేసి చెప్పినా ఇరవై ఒప్పవుతాయి.

జవాబులు పంపిన 27 మంది సగటు ఇరవైకి చేరలేదు. నూటికి 46 దగ్గరే ఆగింది. ఒక జ్యోతిష సంస్థ మొత్తం రెండు వందల జాతకాలూ చూసి 102 సరిగ్గా చెప్పింది. అదీ నాణెం లెక్కే. ఈ ఫలితాలు 2009లో 'కరెంట్ సైన్స్' పత్రికలో వచ్చాయి. ఈ పరీక్ష పెళ్లి పొంతనల గురించో, దశల గురించో ఏమీ తేల్చలేదు. తేల్చిందల్లా ఈ ఒక్క ప్రశ్ననే. కానీ ఏ ఫలాన్నైనా పరీక్షకు పెట్టాలంటే ఎలా ఉండాలో చూపించింది.

ఇది మన సంఘంలోనూ చేయొచ్చు. ఎవరూ వినని ఒక పంచాంగం నుంచి నిరుటి రాశిఫలాలు తీసుకుని, రాశుల పేర్లూ, ఏలినాటి శని ప్రస్తావనలూ, ఆదాయ వ్యయాలూ కొట్టేసి, పన్నెండింటినీ వరస మార్చి అచ్చు వేద్దాం. గడిచిన ఏడాది తనకు ఎలా నడిచిందో దానికి బాగా దగ్గరగా ఉన్న ఫలాన్ని ఒక్కొక్కరూ ఎంచుకోవాలి. అరవైమంది పాల్గొంటే, ఊరికే వేలు పెట్టినా సుమారు అయిదుగురు తమ రాశినే పట్టుకుంటారు. పన్నెండుమందో అంతకంటే ఎక్కువమందో పట్టుకుంటే మాత్రం అది కాకతాళీయమని కొట్టిపారేయడం కష్టం. ఆ పన్నెండు అన్న హద్దును లెక్కపెట్టాక కాదు, ముందే రాసిపెట్టుకోవాలి. రెండు వైపులవాళ్లూ దానిమీద సంతకం పెట్టాలి.

ఇంట్లో ఫోన్ కన్సల్టేషన్‌కి ఇంత ఏర్పాటు అక్కర్లేదు. "ఉద్యోగంలో మార్పు ఉంటుంది" అంటే "ఏ తేదీలోపు గురువుగారూ? ఉన్నచోటే బాధ్యతలు మారితే అది లెక్కకొస్తుందా?" అని మర్యాదగా అడగవచ్చు. "నవంబరు 30 లోపు వేరే కంపెనీ ఆఫర్ లెటర్ చేతికొస్తుంది, రాకపోతే ఈ ఫలం తప్పినట్టే" అని ఆయన ఒప్పుకుంటే అది పరీక్షకు నిలబడే మాట. జన్మసమయం సరిగ్గానే ఉందని కూడా అప్పుడే ఒప్పుకోమనాలి. లేకపోతే ఫలం తప్పాక "టైములో నాలుగు నిమిషాలు తేడా ఉండి ఉంటుంది, లగ్నం ఒక డిగ్రీ జరిగింది" అనే దారి తెరిచే ఉంటుంది. పరిహారం సంగతీ అంతే. కీడు జరిగితే జాతకం నిజం, జరగకపోతే పరిహారం పనిచేసింది అన్నప్పుడు, జరిగినా జరగకపోయినా మనం చెల్లించాల్సిందే. పరిహారం చేశాక కూడా ఏం జరిగితే అది పనిచేయలేదని ఒప్పుకుంటారో, డబ్బు పంపే ముందే మెసేజ్‌లో రాయించుకోవాలి. అలా రాయడానికి ఇష్టపడనివారి మాట మీద ఇల్లు అమ్మడం, ఉద్యోగం వదలడం, కుదిరిన సంబంధం వద్దనుకోవడం లాంటి నిర్ణయాలు తీసుకోవద్దని మన సభ్యులను కోరుతున్నాను.