కిడ్నీ సర్వేల్లో ఒప్పుకునే లోపాలు, దాటేసే లోపాలు

ఇచ్ఛాపురం దాటితే ఒడిశా. కవిటి, సోంపేట, కంచిలి వైపు చుట్టాలు లేని తెలుగు కుటుంబాలు బరంపురంలో తక్కువే. అందుకే ఉద్దానం కిడ్నీ జబ్బు మీద ఏ కొత్త సర్వే వచ్చినా గంజాం, గజపతి జిల్లాల్లో అది మన ఇంటి వార్తే అవుతుంది. "ఏడుగురిలో ఒకరికి జబ్బు" అని హెడ్డింగ్ రాగానే ఊళ్ళో టెన్షన్ మొదలవుతుంది. బావి నీళ్లు మానేసి క్యాన్లు కొనేవాళ్ళు కొనుక్కుంటారు. ఆ అంకె ఎంత గట్టిదో చెప్పాల్సిన పేరా మాత్రం పరిశోధన పత్రం చివర్లో, "పరిమితులు" అన్న శీర్షిక కింద ఉంటుంది. దాన్ని చదివేవాళ్ళు తక్కువ. అనుమానంతో చదివేవాళ్ళు ఇంకా తక్కువ.

ఆ పేరాలో ఏం ఉండాలో పరిశోధకులకు తెలియక కాదు. ఇలాంటి సర్వేలను ఎలా రాయాలో చెప్పే స్ట్రోబ్ మార్గదర్శకాలు 2007లోనే వచ్చాయి. లోపం ఉందని చెబితే చాలదని, దానివల్ల ఫలితం ఎటువైపు తప్పిందో, ఎంత తప్పిందో కూడా చర్చించాలని వాటిలో 19వ అంశం అడుగుతుంది. చాలా పేపర్లు మొదటి సగం చేసి ఆగిపోతాయి. "ఇది ఒక్కసారి చేసిన సర్వే కాబట్టి కారణాన్ని నిర్ధారించలేం", "ఒకే ప్రాంతానికి చెందిన సమాచారం", "జనం గుర్తు చేసుకుని చెప్పిన జవాబులు". ఈ మూడూ నిజాలే. కానీ ఇవి ఏ ఊరి సర్వేకైనా సరిపోతాయి, హెడ్డింగ్‌లో ఉన్న అంకెను కదిలించవు. ఒప్పుకోవడానికి సులువుగా ఉన్నవే ఒప్పుకున్నారా అన్నది నేను మొదట చూస్తాను.

ఒక లెక్క చేసి చూద్దాం. ఇది ఏ ఒక్క పేపరూ కాదు, విషయం తేలిగ్గా అర్థం కావడానికి నేను అనుకున్న సర్వే. గంజాం తీరంలో కొన్ని ఊళ్లు తీసుకున్నారు. జాబితాలో 1000 మంది పెద్దలున్నారు: ఆడవాళ్ళు 500, మగవాళ్ళు 500. పరీక్షకు దొరికింది 640 మంది. వాళ్ళలో 96 మందికి కిడ్నీ వడపోత రేటు జబ్బుకు హద్దుగా చూసే 60 కంటే తక్కువ వచ్చింది. అంటే 15 శాతం, దాదాపు ఏడుగురిలో ఒకరు. ఆడవాళ్ళలో 400 మందికి 44, మగవాళ్ళలో 240 మందికి 52. "మగవాళ్ళకు రెట్టింపు ముప్పు, పొలం పని, ఎండ కారణం కావచ్చు" అని చర్చలో రాశారనుకోండి.

ఇప్పుడు మొదటి పట్టికకు వెళ్ళాలి. 400 మంది ఆడవాళ్ళు, 240 మంది మగవాళ్ళు. మిగతా 260 మంది మగవాళ్ళు ఎక్కడ? గంజాంలో ఎవర్నడిగినా జవాబొకటే: సూరత్. మరమగ్గాల పనికి ఇక్కడి నుంచి వెళ్ళినవాళ్ళు లేని ఊరు కనబడదు. వెళ్ళేది వయసులో ఉన్నవాళ్ళు, ఒంట్లో సత్తువ ఉన్నవాళ్ళు. ఒళ్ళు చెడితే తిరిగొచ్చేస్తారు. అంటే సర్వే టీమ్ ఇల్లిల్లూ తిరిగినప్పుడు దొరికిన మగవాళ్ళలో ముసలివాళ్ళు, జబ్బుపడి వచ్చేసినవాళ్ళు ఎక్కువ శాతం ఉంటారు.

సూరత్‌లో ఉన్న ఆ 260 మందిలో జబ్బు 5 శాతమే అనుకుందాం. అంటే 13 మంది. ఇంటి దగ్గరి 52తో కలిపితే 500 మంది మగవాళ్ళలో 65, అంటే 13 శాతం. పరీక్షకు రాని 100 మంది ఆడవాళ్ళలో జబ్బు మిగతావాళ్ళలాగే 11 శాతం అనుకుంటే, ఆడవాళ్ళ లెక్క 11 శాతం దగ్గరే నిలుస్తుంది. మొత్తం 15 శాతం కాస్తా 12కి దిగింది. అంతకంటే పెద్ద మార్పు ఇంకొకటుంది. మగవాళ్ళలో దాదాపు 22, ఆడవాళ్ళలో 11 అని కనబడిన రెట్టింపు తేడా 13, 11గా మారిపోయింది. పొలం పని, ఎండ గురించి కట్టిన వాదనకు ఆధారం చాలావరకు పోయింది.

5 శాతం అన్నది నా ఊహే. రాని వాళ్ళలో కొందరు డయాలసిస్ కోసం విశాఖలోనో బరంపురంలోనో ఉండి ఉంటే లెక్క రెండో వైపుకీ జరుగుతుంది. నేను అడిగేది ఖచ్చితమైన అంకె కాదు. రానివాళ్ళు ఎవరు, ఎందుకు రాలేదు, వాళ్ళను కలిపితే అంకె ఎంతవరకు కదలగలదు అన్నది పేపర్లో ఉండాలి. "కొందరు అందుబాటులో లేరు" అన్న ఒక్క వాక్యంతో 360 మందిని దాటేస్తే దాన్ని ఒప్పుకోవడం అనలేం. ఎంతమందిని పిలిచారు, ఎంతమంది వచ్చారు అన్న అంకెలే ఇవ్వకపోతే నేను ఆ శాతాన్ని ఎక్కడా వాడను.

రెండోది దీనికంటే చిక్కైన విషయం, ఎందుకంటే ఇక్కడ లోపాన్ని ఒప్పుకుంటారు. దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అనాలంటే కిడ్నీలో ఆ తేడా మూడు నెలలకు పైగా ఉండాలి. ఊళ్ళో క్యాంపు పెట్టి ఒక్కసారి రక్తం తీస్తే అది తెలియదు. ఎండలో పనిచేసి నీళ్లు తాగకపోయినా, ఒళ్ళు నొప్పులకు బిళ్ళలు మింగినా, జ్వరమొచ్చినా, కిడ్నీ వడకట్టాల్సిన వ్యర్థమైన క్రియాటినిన్ రక్తంలో కొన్నాళ్ళు పెరిగి దిగిపోవచ్చు. "ఒకే పరీక్ష చేశాం, మూడు నెలల తర్వాత మళ్ళీ చేయలేదు" అని పరిమితుల్లో నిజాయితీగానే రాస్తారు. కానీ పేపర్ శీర్షిక, సారాంశం చూడండి. అక్కడ "దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు 15 శాతం" అనే ఉంటుంది. మన లెక్కలోని 96 మందిలో మూడో వంతు మందికి మళ్ళీ పరీక్షలో మామూలుగా వస్తే మిగిలేది 64 మంది, అంటే 640లో 10 శాతం. చివర్లో ఒప్పుకున్న లోపం ముందున్న అంకెను తాకలేదు. పత్రికల్లోకి వచ్చేది ముందున్న అంకే.

అన్ని లోపాలూ అంకెను పెంచవు, ఇది కూడా చెప్పాలి. వడపోత రేటును క్రియాటినిన్ నుంచి లెక్కగట్టే సూత్రాలు ఎక్కువగా పాశ్చాత్య దేశాల జనం మీద తయారయ్యాయి. కండ తక్కువున్న మనిషిలో క్రియాటినిన్ సహజంగానే తక్కువ ఉంటుంది కాబట్టి కిడ్నీ నిజానికి ఉన్నదానికంటే బాగా పనిచేస్తున్నట్టు కనబడుతుంది. మన పల్లెల్లో బక్కపలచటి కూలీల జబ్బు అలా లెక్కలోకి రాకుండా పోవచ్చు. అందుకే ఒక పరిమితి కనబడగానే "సర్వే అంతా అబద్ధం" అనేవాళ్ళతో నేను ఏకీభవించను. ఆ మాట పట్టుకుని జబ్బే లేదని అధికారులు చేతులు దులుపుకుంటే నష్టపోయేది రోగులే.

నేను చదివే వరుస ఇది. సారాంశం పక్కన పెట్టి పద్ధతుల భాగం, మొదటి పట్టిక ముందు చదువుతాను. ఎవరిని ఎలా ఎంచుకున్నారు, ఎంతమంది మిగిలారు, రక్తం ఎన్నిసార్లు తీశారు అన్నది చూసి, నాకు తోచిన లోపాలు ఒక కాగితం మీద రాసుకుంటాను. ఆ తర్వాతే పరిమితుల పేరా తెరుస్తాను. ముందే ఆ పేరా చదివితే వాళ్ళు చూపించిన చోటే మన చూపు ఆగిపోతుంది. నా కాగితం మీద ఉండి వాళ్ళ పేరాలో లేనిదే నేను వెతికేది. అది ప్రధాన ఫలితాన్ని కదిలించేదైతే, పేపర్ మీద ఉండే ఈమెయిల్‌కి రాసి అడగొచ్చు.

మన ప్రాంతంలో ఈ రెండు లోపాలకూ ఒకే ఏర్పాటు పనికొస్తుంది. మొదటి క్యాంపు పెట్టిన మూడు నెలల తర్వాత, దసరాకో పెళ్ళిళ్ళకో సూరత్ వాళ్ళు ఊళ్ళో దిగినప్పుడు రెండో క్యాంపు పెట్టాలి. తేడా వచ్చినవాళ్ళకు మళ్ళీ పరీక్ష అవుతుంది, మొదటిసారి దొరకని మగవాళ్ళూ దొరుకుతారు. వాళ్ళకు తేడా కనబడితే మరో పరీక్ష సూరత్‌లోనే చేయించాల్సి వస్తుంది, దానికి ఖర్చు, ఫోన్ నంబర్లు, అక్కడి ల్యాబ్‌తో ఒప్పందం కావాలి. అంత పని చేయలేకపోయామని రాసినా తప్పులేదు, చేయనందువల్ల 15 అన్నది 10 కూడా కావచ్చని సారాంశంలోనే రాస్తే.