పక్క కంపెనీల బీటా అలాగే పెట్టొద్దు
"పోటీ కంపెనీల సగటు బీటా 1.2ని మిర్యాలగూడ వైపు సిమెంట్ కంపెనీకి అలాగే పెట్టొచ్చా?"

పెట్టొద్దండి. బీటా అంటే మార్కెట్ కదలికతో పోలిస్తే షేరు ఎంత ఊగుతుందో చెప్పే అంకె. ఆ 1.2లో వాళ్ల అప్పు రిస్క్ కూడా కలిసి ఉంది. వాళ్ల అప్పు ఈక్విటీలో సగం, పన్ను 25% అనుకుంటే 1.2ని 1 + 0.5 × 0.75, అంటే 1.375తో భాగించండి. అప్పు లేని బీటా 0.87 వస్తుంది. మీ కంపెనీకి అప్పు, షేర్ల మార్కెట్ విలువ సమానమైతే దాన్ని 1.75తో గుణించండి, 1.53 అవుతుంది. రిస్క్ లేని రేటు 7%, మార్కెట్ ప్రీమియం 6% అనుకుంటే ఈక్విటీ ఖర్చు 7 + 1.53 × 6, అంటే 16.2%. అప్పు మీద 9% వడ్డీ పన్ను పోను 6.75%. రెండూ సగం సగం కాబట్టి మొత్తం పెట్టుబడి సగటు ఖర్చు 11.5%.

నా భయమంతా ఆ పన్ను దగ్గరే. పాత నష్టాల వల్ల పన్ను కట్టని కంపెనీకి వడ్డీపై పన్ను ఆదా ఇప్పుడు దక్కదు. ఆ ఏళ్లకు మీ కంపెనీ బీటాలోనూ వడ్డీలోనూ పన్ను సున్నా పెడితే సగటు 13.2%కి చేరుతుంది.