సవరణ: ఏజెన్సీ మార్జిన్ జీతంలోంచి పోదు

పాత పోస్టులో ఉన్న వాక్యం: "ఏజెన్సీ మార్జిన్, పీఎఫ్ రెండు వాటాలూ మన జీతంలోంచే కట్ అవుతాయి."

ఇది సరికాదు. మాదాపూర్‌లోని ఓ ఆఫీసులో ఏజెన్సీ ద్వారా చేరిన హౌస్‌కీపింగ్ ఉద్యోగికి అపాయింట్‌మెంట్ లెటర్‌లో 14,000 జీతం, మొత్తం బేసిక్ అనుకుందాం. అందులోంచి కట్ కావాల్సింది 12 శాతం పీఎఫ్ 1,680, 0.75 శాతం ఈఎస్ఐ 105. తెలంగాణలో 15,000 వరకు ప్రొఫెషనల్ ట్యాక్స్ లేదు. చేతికి 12,215 రావాలి.

యజమాని వాటా పీఎఫ్, 3.25 శాతం ఈఎస్ఐ, ఏజెన్సీ మార్జిన్, జీఎస్టీ అన్నీ ఆఫీసు చెల్లించే బిల్లులోవి. స్లిప్‌లో పీఎఫ్ కింద 3,360 కనిపిస్తే యజమాని వాటా కూడా ఉద్యోగి మీదే వేశారన్నమాట. చట్టం దానికి ఒప్పుకోదు.

స్లిప్ ఒక్కటే చూసి నమ్మకండి, కట్ చేసి కట్టని ఏజెన్సీలు ఉంటాయి. యూఏఎన్‌తో ఈపీఎఫ్ఓ పాస్‌బుక్ తెరవండి. ఆ నెలకు ఉద్యోగి వాటా 1,680, యజమాని వాటా 514, పెన్షన్ 1,166 ఉండాలి. 514 చూసి కంగారు పడొద్దు, మిగతాది పెన్షన్‌కు వెళ్లింది. ఏజెన్సీ ఈ డబ్బు కట్టాల్సిన గడువు, తర్వాతి నెల 15వ తేదీ. అది దాటి చాలా రోజులైనా ఎంట్రీ లేకపోతే ఏజెన్సీనే కాదు, పని చేయించుకునే ఆఫీసునూ రాతపూర్వకంగా అడగండి. ఏజెన్సీ కట్టకపోతే బాధ్యత ఆ ఆఫీసుదే.