సరుకు వెళ్తుందో లేదో తెలియనప్పుడే డాలర్ ఆప్షన్

గుంటూరు మిర్చి ఎగుమతిదారు ఒకరు 50,000 డాలర్ల సరుకుకు ధర కోట్ చేశారనుకుందాం. డబ్బు చేతికొచ్చేది మూడు నెలల తర్వాత. డాలర్ ఇవాళ 90 రూపాయలైతే బిల్లు విలువ 45 లక్షలు. లాభం నాలుగు శాతం, అంటే 1.80 లక్షలు. డాలర్ 87కి జారితే అందులో లక్షన్నర పోతుంది. రూపాయి ఎప్పుడూ పడేదే కదా అన్న ధీమా ఇక్కడ పనికిరాదు. 2007లో దాదాపు 44 రూపాయల దగ్గర మొదలైన డాలర్ ఆ ఏడాదే 40 దిగువకు వచ్చింది.

ఇలాంటప్పుడు చాలామంది నేరుగా పుట్ ఆప్షన్ గురించి, అంటే డాలర్‌ను ముందే కుదిరిన ధరకు అమ్మే హక్కు గురించి అడుగుతారు. నా లెక్కలో ముందు అడగాల్సింది వేరే ఉంది: ఆర్డర్ ఖాయమైందా? ఖాయమైతే ఆప్షన్‌తో పని లేదు. బ్యాంకులో ఫార్వర్డ్ తీసుకుంటే మూడు నెలల తర్వాతి ధర ఈరోజే కుదురుతుంది. మన వడ్డీ రేట్లు అమెరికా కన్నా ఎక్కువ కాబట్టి ఆ ధర సాధారణంగా నేటి ధరకు కొంచెం పైనే ఉంటుంది. మన ఉదాహరణలో 90.60 అనుకుందాం. ఎగుమతిదారుకు ఆ 60 పైసలు అదనంగా దక్కుతాయి. ఆప్షన్‌కైతే తానే ఎదురు చెల్లించాలి.

చిక్కంతా ఆర్డర్ ఖాయం కానప్పుడే. కొనుగోలుదారు ఇంకా సంతకం చేయలేదు, లేదా బూజు వల్ల వచ్చే విషం అఫ్లటాక్సిన్ పరీక్షలో సరుకు తిరిగి రావచ్చు. ఫార్వర్డ్ తీసుకున్నాక ఒప్పందం చెడి, ఈలోగా డాలర్ 93కి చేరిందనుకోండి. ఫార్వర్డ్ రద్దుకు డాలర్‌కు 2.40 చొప్పున 1,20,000 రూపాయలు కట్టాలి. అమ్మకం జరగలేదు, డాలర్లు రాలేదు, నష్టం మాత్రం మిగిలింది.

అదే 89.50 స్ట్రైక్‌తో పుట్ కొంటే? అంటే మూడు నెలల తర్వాత డాలర్‌ను 89.50కి అమ్మే హక్కు ఉంటుంది, బాధ్యత ఉండదు. ఏడాదికి 4.5 శాతం ఒడిదొడుకు అనుకుంటే ప్రీమియం డాలర్‌కు సుమారు 40 పైసలు, మొత్తం 20,000 రూపాయలు. ఒప్పందం చెడినా పోయేది అంతే. సరుకు వెళ్లి డాలర్ 87కి పడితే ప్రీమియం పోను 89.10 చేతికొస్తుంది. 93కి పెరిగితే ఆప్షన్‌ను వదిలేసి బయటి ధరకే అమ్ముకుంటారు, నికరంగా 92.60. స్ట్రైక్ 90.60 కావాలంటే ప్రీమియం దాదాపు రెట్టింపు, 80 పైసలు. నాలుగు శాతం లాభం మీద బతికే వ్యాపారికి అది బరువే. అందుకే డాలర్ ఏ ధర దాకా పడినా ఓర్చుకోగలరో ముందు లెక్కవేయాలి, ఆ ధరకు దిగువన స్ట్రైక్ ఎంచుకోకూడదు.

కోట్ దశలో ఉన్నది ఊహించిన లావాదేవీయే తప్ప కుదిరిన ఒప్పందం కాదు. అలాంటి దానికి తీసుకున్న హెడ్జ్, అంటే రక్షణ ఒప్పందం మీద వచ్చే నికర లాభాన్ని, అసలు డబ్బు వచ్చినప్పుడే బ్యాంకు ఇవ్వాలన్నది రిజర్వ్ బ్యాంక్ నిబంధన. ఆర్డర్ పోయినా ఆప్షన్ లాభం మిగులుతుందని ఆశపడొద్దు.

పుట్‌ను బ్యాంకు దగ్గర కాక స్టాక్ ఎక్స్‌చేంజ్‌లో కొంటే, లాట్ 1,000 డాలర్లు కాబట్టి ఇక్కడ 50 లాట్లు కావాలి. ఇది యూరోపియన్ పద్ధతి, అంటే గడువు రోజునే తేలుతుంది. డాలర్లు చేతులు మారవు, రిఫరెన్స్ రేటుతో పోల్చి తేడాను రూపాయల్లో ఇస్తారు. గడువు నెలాఖరు పనిదినానికి రెండు పనిదినాల ముందు పడుతుంది. బిల్లు డబ్బు ఆ మరుసటి నెల 12న వస్తే, మధ్యలోని రోజులకు రక్షణ ఉండదు. డాలర్లు మార్చేటప్పుడు బ్యాంకు కోసుకునే పైసలకూ ఉండదు. ఒక్కోసారి ఆ కోత ప్రీమియంతో సమానంగా ఉంటుంది. ముందు దాని మీద బేరమాడండి. 2024లో, నిజమైన డాలర్ రిస్క్ ఉన్నవారే ఈ మార్కెట్‌లోకి రావాలని రిజర్వ్ బ్యాంక్ మళ్లీ స్పష్టం చేశాక లావాదేవీలు బాగా తగ్గాయి. కొనే, అమ్మే ధరల మధ్య తేడా పెద్దగా కనిపిస్తే బ్యాంకు కోట్‌తో పోల్చి చూడాలి.

ప్రీమియం లేకుండా ఇస్తామనే పథకాలకు దూరంగా ఉండాలి. అందులో మీకిచ్చే పుట్ ఖర్చును, మీ చేత కాల్, అంటే మీ నుంచి డాలర్లు కొనే హక్కు అమ్మించి రాబడతారు. ఆర్డర్ పోయి డాలర్ ఎగబాకితే నష్టానికి హద్దుండదు. 2007-08లో తిరుప్పూరు ఎగుమతిదారుల్లో కొందరు ఇలాంటి సంక్లిష్ట ఒప్పందాల్లోనే ఇరుక్కున్నారు. 2020 నిబంధనల ప్రకారం రిటైల్ ఖాతాదారులకు బ్యాంకులు ఇవ్వదగిన ఆప్షన్లు కొనుగోలు పక్షానివే.

హైదరాబాద్‌లో ఉంటూ విదేశీ కంపెనీ నుంచి నెలకు 3,000 డాలర్లు అందుకునే ఉద్యోగికి ఈ లెక్క వేరు. ప్రతి నెలా మార్చుకుంటుంటే ఏడాది సగటు ధర దానంతటదే వస్తుంది. ప్రతి నెలా ప్రీమియం కట్టడం దండగ. ఆరు నెలల తర్వాత ఇంటికి కట్టాల్సిన వాయిదా లాంటి పెద్ద రూపాయి బాకీ ఉంటే, అంతమేరకు పుట్ ఆలోచించవచ్చు. గల్ఫ్‌లో ఉన్నవారికి దిర్హామ్ 3.6725 దగ్గర, సౌదీ రియాల్ 3.75 దగ్గర డాలర్‌కు కట్టి ఉన్నాయి. వాళ్ల రిస్క్ కూడా డాలర్-రూపాయిదే. ఇంటికి పంపేటప్పుడు రూపాయి బలహీనంగా ఉంటే వాళ్లకు లాభమే, బలపడితేనే తగ్గుతుంది. కానీ 2017లో ఎక్స్‌చేంజ్‌లో ప్రవాసులకు అవకాశమిచ్చింది భారత్‌లో వాళ్లు పెట్టిన పెట్టుబడుల రిస్క్‌కే, జీతానికి కాదు.