రెండు షీట్ల మీదకీ ఎక్కిన 200 బస్తాలు

“క్లోజింగ్ స్టాక్ పొరపాటున ఎక్కువ పడిందా? టెన్షన్ పడకండి. ఈ ఏడాది లాభం ఎంత పెరిగిందో వచ్చే ఏడాది అంతే తగ్గుతుంది. రెండేళ్లలో దానంతటదే సర్దుకుంటుంది. రిటెయిన్డ్ ఎర్నింగ్స్‌కి ఏమీ కాదు. పన్ను కూడా మొత్తం మీద అంతే. ఏ ఎంట్రీ వేయక్కర్లేదు.”

అకౌంట్స్ పని చేసేవాళ్ల మధ్య ఈ మెసేజ్ బాగా తిరుగుతోంది. ఇందులో కొంత నిజం ఉంది. ఆ కొంత నిజం వల్లే మిగతాది కూడా నమ్మేస్తున్నారు. ఒక లెక్క దగ్గర పెట్టుకుని చూద్దాం.

పప్పుల వ్యాపారం చేసే ఒక చిన్న ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అనుకోండి. 2023 మార్చి 31న సరుకు లెక్కపెట్టారు. పొద్దున ముందు గోడౌన్, మధ్యాహ్నం వెనక గోడౌన్. మధ్యలో హమాలీలు 200 కందిపప్పు బస్తాలను ముందు నుంచి వెనక్కి మార్చారు. లెక్కపెట్టిన బస్తాల మీద సుద్దముక్కతో గీత కూడా పెట్టలేదు. దాంతో ఆ 200 బస్తాలు రెండు షీట్లలోకీ ఎక్కాయి. 50 కిలోల బస్తా కొన్న ధర ₹5,000 వేసుకుంటే 10 లక్షలు. గోడౌన్‌లో ఉన్నది 50 లక్షల సరుకు, పుస్తకాల్లో పడింది 60 లక్షలు.

ఆ ఏడాది ప్రారంభపు సరుకు 40 లక్షలు, కొనుగోళ్లు 270, అమ్మకాలు 300, ఖర్చులు 20. మరుసటి ఏడాది కొనుగోళ్లు 275, అమ్మకాలు 320, ఖర్చులు 22. 2024 మార్చిలో లెక్క జాగ్రత్తగా చేశారు, ముగింపు సరుకు సరిగ్గా 45 లక్షలు వచ్చింది. సులువుగా ఉండటానికి పన్ను పక్కన పెట్టి, రిటెయిన్డ్ ఎర్నింగ్స్, అంటే పంచకుండా కంపెనీలోనే ఏటా పోగయ్యే లాభం, 25 లక్షలతో మొదలైందనుకుందాం.

| | చూపింది (లక్షల్లో) | అసలు (లక్షల్లో) |
|---|---|---|
| 2022-23 లాభం | 30 | 20 |
| 2023 మార్చి 31 రిటెయిన్డ్ ఎర్నింగ్స్ | 55 | 45 |
| 2023-24 లాభం | 8 | 18 |
| 2024 మార్చి 31 రిటెయిన్డ్ ఎర్నింగ్స్ | 63 | 63 |

మొదటి ఏడాది ముగింపు సరుకు 10 లక్షలు ఎక్కువైంది కాబట్టి అమ్మిన సరుకు ఖరీదు అంత తగ్గి, లాభం అంత పెరిగింది. అదే 60 లక్షలు ఏప్రిల్ 1న ప్రారంభపు సరుకుగా వచ్చి కూర్చుంది. దాంతో రెండో ఏడాది అమ్మిన సరుకు ఖరీదు 10 లక్షలు పెరిగి, లాభం అంత పడిపోయింది. రెండేళ్లు కలిపితే ఎటు చూసినా 38 లక్షలే. మెసేజ్‌లో నిజం ఇంతవరకే.

“దానంతటదే” అన్న మాట దగ్గరే నాకు మొదటి అభ్యంతరం. ఇక్కడ తప్పు సర్దుకుంది రెండో మార్చిలో బస్తాలు మళ్లీ సరిగ్గా లెక్కపెట్టారు కాబట్టి. చాలాచోట్ల జరిగేది అది కాదు. పాత షీట్ తెరిచి, దానికి కొన్నవి కలిపి, అమ్మినవి తీసేసి, వచ్చిన అంకెనే క్లోజింగ్ స్టాక్ అంటారు. అప్పుడు ఆ 200 బస్తాలు రెండో ఏడాది చివర కూడా కాగితం మీద అలాగే ఉంటాయి. రెండో ఏడాది లాభం 18 లక్షలే వస్తుంది, రిటెయిన్డ్ ఎర్నింగ్స్ మాత్రం 73 లక్షలు చూపిస్తుంది. ఎవరైనా గోడౌన్‌లోకి వెళ్లి నిజంగా లెక్కపెట్టే ఏడాది దాకా ఆ 10 లక్షలు అలాగే వస్తుంటాయి. ఆ లెక్క పడిన ఏడాది లాభం ఒక్కసారిగా కూలుతుంది.

ఇక రిటెయిన్డ్ ఎర్నింగ్స్. 2024 మార్చి 31న అది సరైనదే. కానీ 2023 మార్చి 31 నాటి బ్యాలెన్స్ షీట్‌లో 10 లక్షలు లేనివి ఉన్నట్టు ఉన్నాయి, ఏడాది పాటు అందరూ నమ్మింది ఆ కాగితాన్నే. ఆ వేసవిలో అన్నదమ్ముల్లో ఒకరు తన పావు వాటా పుస్తక విలువకే రెండో ఆయనకు అమ్మేశారనుకోండి. కొన్నాయన రెండున్నర లక్షలు ఎక్కువ ఇచ్చారు. మరుసటి ఏడాది లాభం తగ్గి లెక్క సరిపోయినంత మాత్రాన ఆ డబ్బు వెనక్కి రాదు. బ్యాంకు సంగతీ అంతే. క్యాష్ క్రెడిట్‌కి సరుకు మీద 25 శాతం మార్జిన్ పట్టుకునే బ్యాంకు ఇదే అంకెతో స్టాక్ స్టేట్‌మెంట్ తీసుకుంటే, లేని బస్తాల మీద ఏడున్నర లక్షల డ్రాయింగ్ పవర్, అంటే అంత అప్పు వాడుకునే వీలు, ఇచ్చినట్టు. స్టాక్ ఆడిట్‌కి మనిషి వచ్చిన రోజున జవాబు చెప్పుకోవాల్సింది మనమే.

లాభాల వరసను కూడా చూడండి. అసలు వ్యాపారం 20 నుంచి 18కి కొద్దిగా తగ్గింది. పుస్తకాల్లో మాత్రం 30 నుంచి 8కి పడిపోయింది. అది చూసి యజమాని నడుస్తున్న బ్రాంచి మూసేయవచ్చు, మేనేజర్‌ని మార్చేయవచ్చు. తప్పు పట్టుకునే దారి కూడా ఇక్కడే ఉంది. స్థూల లాభం శాతం మొదటి ఏడాది 16.7, రెండో ఏడాది 9.4. అసలువి 13.3, 12.5. మార్కెట్ ధరల్లో పెద్ద మార్పు లేకుండా ఈ శాతం ఒక ఏడాది ఎగిరి మరుసటి ఏడాది దిగితే, ఆ రెండేళ్ల మధ్య మార్చి 31 నాటి స్టాక్ షీట్లు తెప్పించండి. నేను ముందు చూసేది అవే.

పన్ను విషయంలో “మొత్తం మీద” అన్న మాట చాలా దాచేస్తోంది. ఈ కంపెనీకి 25 శాతం రేటు, 4 శాతం సెస్ వేసుకుంటే 10 లక్షల మీద 2.6 లక్షలు ఏడాది ముందే కట్టేసినట్టు. రెండో ఏడాది అసలు లాభం 4 లక్షలే అయి ఉంటే పుస్తకాల్లో 6 లక్షల నష్టం కనిపించేది. నష్టానికి పన్ను వాపసు రాదు, ముందుకు తీసుకెళ్లడమే, అదీ రిటర్న్ గడువులోపు వేస్తేనే. సొంత పేరు మీద వ్యాపారం చేసేవారికి శ్లాబులు ఉంటాయి కాబట్టి రెండేళ్ల మొత్తం పన్ను కూడా ఒకటే కాకపోవచ్చు. తప్పు రివర్స్‌లో జరిగి ముగింపు సరుకు తక్కువ పడితే మొదటి ఏడాది పన్ను తక్కువ కట్టినట్టు. అది బయటపడితే వడ్డీ కూడా పడుతుంది. 2022-23 రిటర్న్‌ని సవరించడానికి 2023 డిసెంబర్ 31 దాకా అవకాశం ఉండింది. మెసేజ్‌ని నమ్మి ఊరుకుంటే ఆ తేదీ దాటిపోతుంది.

చివరిది ఎంట్రీ. అది తప్పు ఎప్పుడు దొరికిందన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. 2023-24 పుస్తకాలు మూయకముందే దొరికితే ఎంట్రీ తప్పనిసరి. ప్రారంభపు సరుకును 10 లక్షలు క్రెడిట్ చేసి 50కి తేవాలి. డెబిట్ ఎక్కడన్నది మీరు పాటించే అకౌంటింగ్ ప్రమాణాన్ని బట్టి ఉంటుంది. ఇండ్ ఏఎస్ 8 కింద, తప్పు మెటీరియల్ అయితే, అంటే చదివేవారి నిర్ణయాన్ని మార్చేంత పెద్దదైతే, ప్రారంభపు రిటెయిన్డ్ ఎర్నింగ్స్‌ని 55 నుంచి 45కి తగ్గించి, పక్క కాలమ్‌లోని పోయినేడాది లాభాన్ని 20గా తిరిగి చూపాలి. మామూలు చిన్న కంపెనీలకు వర్తించే ఏఎస్ 5 కింద ఆ 10 లక్షలు ఈ ఏడాది లాభనష్టాల ఖాతాలోనే గత కాలపు అంశంగా విడిగా పడతాయి. చివరి లాభం అప్పుడూ 8 లక్షలే, కానీ వ్యాపారం 18 సంపాదించిందనీ 10 పాత తప్పు అనీ చదివేవారికి తెలుస్తుంది.

రెండో ఏడాది పుస్తకాలు కూడా మూసేశాక దొరికితే మాత్రం ఖాతాల్లో ఎంట్రీ ఉండదు, ఎందుకంటే 63 సరైన అంకె. అప్పుడు కూడా ఇండ్ ఏఎస్ కంపెనీ అయితే 2024-25 లెక్కల పక్కన వేసే 2023-24 లాభాన్ని 8 అని వదిలేయకూడదు. అక్కడ 18 అని వేసి, ఎందుకు మారిందో నోట్‌లో రాయాలి.