మౌనం అంగీకారమే, కానీ గడువు ఇస్తేనే

మీటింగ్ అయిన తొమ్మిది రోజులకు, శుక్రవారం సాయంత్రం ఆరింటికి మెయిల్ వస్తుంది: "మినిట్స్ డ్రాఫ్ట్ జతచేశాం. సోమవారం లోపు చెప్పండి, లేదంటే అంగీకరించినట్టే." సోమవారం లోపు అంటే పొద్దున్నా, రాత్రా? మధ్యలో పనిదినం ఒక్కటైనా లేదు. సెలవులో ఉన్న మనిషి ఆటో రిప్లై వెనక్కి వచ్చినా దాన్నీ మౌనం కిందే లెక్కేస్తారు. ఇది సమ్మతి అడగడం కాదు, లాక్కోవడం.

అసలు దెబ్బ పనుల పట్టికలో తగులుతుంది. "వెండర్ కొటేషన్లు పరిశీలిద్దాం" అని మాట్లాడుకున్నది డ్రాఫ్ట్‌లో "కొటేషన్లు ఖరారు చేయాలి, బాధ్యత: అకౌంట్స్" అయిపోతుంది. అకౌంట్స్ వాళ్లు అటాచ్‌మెంట్ తెరవలేదు. నెల తర్వాత "మీరు ఒప్పుకున్నారుగా" అంటారు.

మీటింగ్ అయిన రెండు రోజుల్లో పంపండి, ఐదు పనిదినాలు ఇవ్వండి. మౌనం గురించిన వాక్యం సంతకం కింద కాదు, మొదటి పేరాలోనే ఉండాలి: "14వ తేదీ బుధవారం సాయంత్రం 5 గంటల్లోగా సవరణలు రాకపోతే ఈ డ్రాఫ్ట్‌ను సరైనదిగా తీసుకుంటాం. పేరా నంబరు, మీరు సూచించే వాక్యం రాసి పంపండి." ముందు రోజు ఒక రిమైండర్. పని పడ్డవాళ్ల పేర్లు మెయిల్‌లోనే రాసి, వాళ్ల దగ్గర మాత్రం "సరే" అని రాతలో తీసుకోండి, ముఖ్యంగా మీటింగ్‌కి రానివాళ్ల దగ్గర. మౌనంతో ఒప్పుకున్నది జరిగింది సరిగ్గా రాశారనే, కొత్త బాధ్యత నెత్తిన వేసుకున్నామని కాదు.